ఒక నమూనా పద్యం, గణవిభజనతో

ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్లం పదకొండు మందిమి శనివారం సాయంత్రాలు ఒకచోట చేరి ఛందస్సు నేర్చుకుంటున్నాము. పాఠం చెప్పేవారు పదవీ విరమణ చేసిన తెలుగు ఉపన్యాసకులు. మేమంతా ఆయనను మాస్టారు అనే పిలుస్తాము. గురులఘువులు, గణాలు, యతి, ప్రాస ముగిసిన తరువాత వారం ఆయన నా వైపు తిరిగి, "వచ్చే శనివారానికి మీరొక ఉత్పలమాల రాసుకురండి. ప్రతి పాదం పక్కన గణవిభజన చూపించాలి. దాన్నే అందరికీ నమూనాగా ఇద్దాం" అన్నారు. నేను చరిత్ర విద్యార్థిని, పద్యాలు చదివినవాణ్ణే గాని రాసినవాణ్ణి కాను. ఆ మాటే చెప్పాను. "కవి రాసిన పద్యం నమూనాగా పనికిరాదండీ. అతుకులు కనబడవు. మీరు రాస్తే కనబడతాయి" అన్నారాయన. అది పొగడ్తో కాదో నేటికీ నిశ్చయించుకోలేదు.

ఉత్పలమాలకు పాదానికి భ, ర, న, భ, భ, ర, వ అనే ఏడు గణాలు. భగణమంటే ఒక గురువు, రెండు లఘువులు. రగణంలో గురువుల నడుమ లఘువు. నగణం మూడూ లఘువులే. చివరి వగణం లఘువు, గురువు. వెరసి ఇరవై అక్షరాలు, వాటిలో గురువులు ఎనిమిది. మొదటి అక్షరానికి పదవ అక్షరంతో యతిమైత్రి కుదరాలి. నాలుగు పాదాల్లోనూ రెండవ అక్షరం హల్లు ఒక్కటే కావాలి, అది ప్రాస. ప్రాసకు ముందున్న అక్షరం ఒక పాదంలో గురువైతే అన్నిటిలోనూ గురువే కావాలి. ఉత్పలమాలలో మొదటి అక్షరం ఎలాగూ గురువే కనుక ఆ చింత సగం తీరినట్లే.

వస్తువు కోసం వెదకవలసిన పని లేకపోయింది. 2006 వేసవిలో, శిక్షణలో ఉన్న రోజుల్లో, రాయలసీమలోని ఒక చిన్న ఊరి చెరువును చూసి రమ్మని నన్ను పంపారు. అరపేజీ నివేదిక రాసి ఇచ్చాను. దాని జిరాక్స్ ప్రతి, గ్రామ పటం నకలుతో సహా, నాతో పాటు ఊళ్లు మారి ఇప్పుడు ఢిల్లీలో మా ఇంటి బీరువాలో ఉంది. దాన్ని ఎందుకు దాచుకున్నానో తరువాత చెబుతాను. పద్యం రాయాలనగానే ఆ చెరువే తలపుకు వచ్చింది.

మొదటి పాదం ఆదివారం ఉదయం నడకలో తట్టింది. "ఊరికిఁ దల్లియౌ చెఱువు నిండిన నాఁ డది యెల్లవారికై" అని. చెవికి హాయిగా ఉంది. ఇంటికి వచ్చి కాగితం మీద విడదీసి చూస్తే గణాలన్నీ సరిపోయాయి: ఊరికిఁ భగణం, దల్లియౌ రగణం, చెఱువు నగణం. ఉత్సాహం పొంగింది. పదవ అక్షరం దగ్గరకు వచ్చేసరికి అది చప్పబడింది. మొదటి అక్షరం 'ఊ', పదవది 'నిం'. ఈ రెంటికీ ఏ మైత్రీ లేదు. నడక కుదిరితే చెవి తృప్తిపడి ఊరుకుంటుంది, వడి తప్పిన సంగతి చెప్పదు. నాలాంటి కొత్తవాళ్లు మొదట మోసపోయేది ఇక్కడే. సంస్కృతంలో యతి అంటే విరామం, అక్కడ మాట తెగితే చాలు. తెలుగులో అది అక్షరాల పొత్తు, హల్లుకు హల్లు, అచ్చుకు అచ్చు కలవాలి. విరామాన్ని చెవి పట్టుకుంటుంది గాని, పొత్తును మొదట్లో కన్ను పెట్టి వెదకవలసిందే.

'ఊ'కు మైత్రి కావాలంటే పదవ చోట ఉ, ఊ, ఒ, ఓలలో ఒకటి రావాలి. "చెఱువు" తరువాత "ఉండె" అని వేద్దామనుకున్నాను. కాని తెలుగులో ఉకారం మీద అచ్చు వస్తే సంధి తప్పదు. చెఱువు, ఉండె కలిసి "చెఱువుండె" అవుతుంది, ఒక అక్షరం మాయమవుతుంది, తొమ్మిదవ చోట లఘువుకు బదులు గురువు వచ్చి కూర్చుంటుంది. "ఒప్పె" వేసినా అంతే. ఆ పూటంతా ఉకారంతో పెనుగులాడి, చివరకు ప్రశ్ననే తిరగవేశాను. ఈ పాదంలో నేను వదులుకోలేని మాట ఏది? "నిండిన" అన్నది. చెరువు నిండిందని చెప్పకపోతే తరువాత చెప్పవలసినదంతా వట్టిపోతుంది. అయితే దాన్ని పదవ చోట కదలకుండా ఉంచి, మొదటి మాటనే మార్చాలి. 'ని'కి మైత్రి కుదిరేవి ని, నీ, నె, నే. ఆ వెంటనే రకారం వచ్చే మాట కావాలి. "నీరు" అప్పటిదాకా నా ఎదుటనే ఉంది.

నీరిడు తల్లియై చెఱువు నిండిన నాఁ డది యూరివారికై

అలా కుదిరింది మొదటి పాదం. అప్పటి నుంచి నేను పాదాన్ని మొదటి నుంచి రాయడం మానేశాను. పదవ చోట నిలవవలసిన మాటను ముందు స్థిరపరచుకొని, తరువాత పాదం మొదలును దానికి తగినట్లు వెదుకుతాను. పెద్ద కవులు ఇలా చేస్తారని అనుకోను. అభ్యాసం చేసేవారికి మాత్రం ఇది ఒక పూట శ్రమ తగ్గిస్తుంది.

రెండవ పాదం ఏ కష్టమూ పెట్టలేదు. సోమవారం కార్యాలయానికి వెళుతూ బస్సులోనే పూర్తిచేశాను: "తూరుపు తూములో నడచు తొల్కరి నీరము కాల్వఁ జేరఁగన్". తూకారానికి తొకారంతో మైత్రి, రకార ప్రాస, గణాలు ఏడూ సరి. "తొలకరి"ని "తొల్కరి" చేసినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ రాత్రి ఎందుకో బీరువా తెరిచి గ్రామ పటం నకలు తీసి చూశాను. ఆ చెరువుకు ఒకటే తూము, అది కట్టకు దక్షిణపు కొసన ఉంది. తూర్పున ఉన్నది అలుగు.

ఇది చిన్న విషయమని కొట్టివేయవచ్చు. ఊరి పేరు లేని పద్యంలో తూము ఏ దిక్కున ఉంటే ఎవరికి నష్టం? ఆ రాత్రి నేనూ అలాగే అనుకొని పడుకోబోయాను. కాని ఆ అరపేజీ నివేదిక నా చేతిలోనే ఉంది. అందులో నేను రాసిన మూడవ వాక్యం "తూము పూడిపోయింది" అని. నిజానికి ఆ రోజు నేను కట్ట మీద సగం దూరమే నడిచాను. ఎండ మండిపోతోంది, కట్టంతా ముళ్లకంప. దక్షిణపు కొస వరకు వెళ్లలేదు. వెంట ఉన్న మనిషి "అది ఎప్పుడో పూడిపోయింది సార్" అంటే ఆ మాటే రాసుకున్నాను. దాని మీద ఆ చెరువును సాగునీటి వనరుల పట్టీ నుంచి తొలగించాలని పైవారు సిఫారసు చేశారు. తూము నిజంగా పూడిపోయి ఉండవచ్చు. ఉండకపోనూ వచ్చు. చూడకుండా రాశానన్నది మాత్రం నిజం. ఆ కాగితాన్ని ఇన్నేళ్లుగా దాచుకోవడానికి కారణం అదే. ఒకసారి ఎండకు జడిసి ఆ తూమును చూడకుండా రాశాను, ఇప్పుడు ప్రాస కోసం దాన్ని మరో దిక్కుకు మార్చడానికి మనసొప్పలేదు.

"దక్షిణ" అన్న మాటను పాదం మొదట వేయలేను, ప్రాస క్షకారమైపోతుంది. కాని మాటను గురులఘువులుగా చూస్తే ద గురువు, క్షి, ణ లఘువులు. సాక్షాత్తు భగణం. పదవ చోట మొదలయ్యే నాలుగవ గణమూ భగణమే. అక్కడ నిలబెడితే మొదటి అక్షరం త, థ, ద, ధలలో ఒకటి, దాని మీద అ, ఆ, ఐ, ఔలలో ఒకటి, వెంటనే రకారం. "ధార" దొరికింది.

ధారగఁ జాలువారి తన దక్షిణ తూమునఁ గాల్వఁ జేరఁగన్

ఇది తూర్పు తూము పాదం కంటె మంచి పాదమని మాస్టారు తరువాత అన్నారు. తొల్కరి, నీరము అనే రెండు మాటలూ పోయాయి, వాటితో పాటు నా గర్వమూ పోయింది. "దక్షిణ తూము" అనే సమాసానికి లక్షణజ్ఞులు కొందరు అభ్యంతరం చెబుతారు, "దక్షిణపు" అనాలంటారు. అలా అంటే ఒక లఘువు పెరిగి పాదం చెడుతుంది. ఈ ఒక్క అపరాధాన్ని తెలిసే ఉంచాను.

నాలుగవ పాదం మూడవదాని కంటె ముందు వచ్చింది. చెరువు ఇప్పుడు బీరువాలో కాగితంగా ఉన్నదని చెప్పాలి. "బీరువాలోని కాగితము" అని మొదలుపెడితే తొలి గణమే తప్పింది. బీ గురువు, రు లఘువు, వా మళ్లీ గురువు. భగణం కావలసిన చోట రగణం వచ్చింది. జనం నోట ఆ మాట చివర కురచ చేసి "బీరువ" అనడం విన్నదే కనుక అలాగే వాడుకున్నాను. బీకారానికి మైత్రిగా "పేరు" కుదిరింది. ఇకారం, ఏకారం ఒకే గుంపులోవి, బ, ప ఒకే వర్గం. మూడవ పాదానికి "పైరులు" తనంతట తానే వచ్చి నిలబడింది. బుధవారం రాత్రికి పద్యం పూర్తయింది. శుభ్రప్రతి ఇలా ఉంది. ఒక్కొక్క పాదం కింద దాని గణవిభజన.

నీరిడు తల్లియై చెఱువు నిండిన నాఁ డది యూరివారికై
నీరిడు (భ) – తల్లియై (ర) – చెఱువు (న) – నిండిన (భ) – నాఁ డది (భ) – యూరివా (ర) – రికై (వ)
యతి: నీ, నిం

ధారగఁ జాలువారి తన దక్షిణ తూమునఁ గాల్వఁ జేరఁగన్
ధారగఁ (భ) – జాలువా (ర) – రి తన (న) – దక్షిణ (భ) – తూమునఁ (భ) – గాల్వఁ జే (ర) – రఁగన్ (వ)
యతి: ధా, ద

పైరులు పచ్చనై మెఱసి పండెను గాదెలు నిండ, నేఁ డిటన్
పైరులు (భ) – పచ్చనై (ర) – మెఱసి (న) – పండెను (భ) – గాదెలు (భ) – నిండ నేఁ (ర) – డిటన్ (వ)
యతి: పై, పం

బీరువ కాగితాన నొక పేరుగ మాత్రమె నిల్చియున్నదే!
బీరువ (భ) – కాగితా (ర) – న నొక (న) – పేరుగ (భ) – మాత్రమె (భ) – నిల్చియు (ర) – న్నదే (వ)
యతి: బీ, పే

గురువారం దీన్ని మా విభాగంలో తెలుగు తెలిసిన ఒక సహోద్యోగి కంప్యూటరులో ఎక్కించి పదకొండు ప్రతులు తీసి ఇచ్చారు. ఆయన వాడిన అక్షరాల్లో అరసున్న లేదట. ఉన్నచోటల్లా నిండుసున్న పెట్టారు. నేను తిరిగి చూసుకోకుండానే శనివారం పంచిపెట్టాను.

చదవమని మాస్టారు అడిగితే, మాలో చిన్నదైన ఒక అమ్మాయి, స్టెనోగ్రాఫరుగా పనిచేస్తోంది, లేచి మొదటి పాదం చక్కగా చదివింది. రెండవ పాదం మొదటి గణం దగ్గరే ఆగిపోయింది. "సార్, ఇక్కడ 'ధారగం' అని ఉంది. గం గురువు కదా. భగణం అని ఎలా రాశారు?" అంది. నేను బోర్డు మీద దిద్దబోతుంటే మాస్టారు వారించి, అందరినీ పద్యంలోని సున్నలన్నీ లెక్కపెట్టమన్నారు. అసలు నిండుసున్నలను పక్కన పెడితే, అరసున్న కావలసిన చోట నిండుసున్న పడినవి ఆరు. నాఁడు, నేఁడు అన్న రెండు చోట్లా ఏ హానీ లేదు, ఎందుకంటే నా, నే దీర్ఘాలు, సున్న ఉన్నా లేకున్నా గురువులే. తక్కిన నాలుగూ రెండవ పాదంలోనే ఉన్నాయి: ధారగం, తూమునం, గాల్వం, జేరంగన్. నాలుగు చోట్లా లఘువు గురువైపోయింది. ఒక్క పాదంలో ఎనిమిది గురువులకు పన్నెండు వచ్చి కూర్చున్నాయి. చదివి చూస్తే రాళ్లబాట మీద బండి నడిచినట్లుంది. అరసున్నకు నేటి అచ్చులో చోటు లేదు, మామూలు వచనంలో దాని అవసరమూ లేదు. పద్యంలో మాత్రం అది లేకపోతే, తీసివేసి రాయాలి గాని, నిండుసున్న చేయరాదు. ఆ సాయంత్రం పదకొండు ప్రతుల మీదా కలంతో దిద్దుకున్నాము.

తరువాతి ప్రశ్న వయసులో పెద్దవారైన ఒక లెక్కల అధికారిది. "యూరివారికై" అన్న మాటను "యూరివా", "రికై" అని మధ్యలో నరకడం ఆయనకు నచ్చలేదు. "అర్థం లేని ముక్కలుగా విడగొడితే పద్యం ఏమవుతుందండీ?" అన్నారు. నాకూ మొదట్లో ఆ బాధ ఉండేది. గణవిభజన మాటలను కోయడం కాదు, కొలత గీత గీయడం. బట్ట మీద గజం గుర్తు పడినచోట పువ్వు సగానికి వస్తుంది, అంతమాత్రాన ఎవరూ దాన్ని కోయరు. మాస్టారు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్లారు. రెండవ పాదాన్నీ మూడవ పాదాన్నీ వెంట వెంట చదివించారు. రెండవ పాదంలో "జాలువారి" అన్న మాట రగణం దాటి నగణంలోకి పారింది, "జేరఁగన్" కూడా అంతే. నోరు గణం చివర ఆగదు. మూడవ పాదంలో పైరులు, పచ్చనై, మెఱసి, పండెను, గాదెలు అని ఐదు గణాల వరకు ప్రతి గణమూ ఒక మాటతోనే ముగిసింది. అందువల్ల చదివేటప్పుడు ప్రతి మాట దగ్గరా అడుగు పడుతుంది, కవాతులాగ. "తప్పేమీ లేదు. కాని పద్యమంతా ఇలాగే ఉంటే గణాలు వినబడతాయి, పద్యం వినబడదు" అన్నారు. దాన్ని మార్చనా అని అడిగితే వద్దన్నారు. నమూనాలో అటువంటి పాదం ఒకటి ఉండడం మంచిదేనట.

దీనికి వ్యతిరేకమైన చిక్కు చివరి పాదంలో ఉంది. "నిల్చియు" రగణమన్నాను. చివరి 'యు' చూడడానికి లఘువే. అక్కడ విభజన గీత పడి, దాని తరువాతి "న్న" మరో గణంలోకి పోయింది. ఇద్దరు ముగ్గురు ఆ 'యు'ను లఘువుగానే గుర్తించి భగణం తప్పిందో, రగణం తప్పిందో తేల్చుకోలేకపోయారు. ద్విత్వానికి ముందున్న అక్షరం గురువు, నడుమ గణం మారినా సరే. అందుకే గురులఘువులను ముందు పాదమంతటికీ గుర్తించి, ఆ తరువాతనే గణాలుగా విడగొట్టాలి. విడగొట్టిన ముక్కలకు గురులఘువులు పెడితే ఇలాంటి చోట తప్పక దెబ్బతింటాము.

ఇక నా అసలు తప్పు మాస్టారే పట్టుకున్నారు. రెండవ పాదం "జేరఁగన్" అని నకారపు పొల్లుతో ముగిసింది. మూడవ పాదం "పైరులు" అని మొదలయింది. పద్యంలో పాదం మారినంత మాత్రాన సంధి ఆగదు. ద్రుతం మీద పరుషం వస్తే అది సరళం కావాలి. "ధారగఁ జాలువారి", "తూమునఁ గాల్వఁ జేరఁగన్" అని పాదం లోపల నాలుగు అడుగులకు మూడు చోట్ల పాటించి, పాదం దాటగానే మరచిపోయాను. "బైరులు" అని దిద్దాలి. నా గుండె ఒక్కసారి గతుక్కుమంది, యతి ఏమవుతుందోనని. పకారం బకారమైంది, కాని రెండూ పవర్గంలోవే, ఐకారం అకారంతో మైత్రి గలదే. "బై"కి "పం"తో పొత్తు చెడలేదు. ప్రాసకు రెండవ అక్షరం రకారం అలాగే ఉంది. సరళాదేశం వల్ల క గగా, చ జగా, ట డగా, త దగా, ప బగా మారడమే గాని వర్గం దాటి పోవడం లేదు కనుక, తెలుగు యతి ఈ మార్పును ఓర్చుకుంటుంది. ఈ రెండు నియమాలూ ఒకదానికొకటి ఇంత చక్కగా ఒదిగి ఉన్నాయని అంతకు ముందు నాకు స్ఫురించలేదు. కాబట్టి నమూనాలో మూడవ పాదం ఇలా మారింది:

బైరులు పచ్చనై మెఱసి పండెను గాదెలు నిండ, నేఁ డిటన్
బైరులు (భ) – పచ్చనై (ర) – మెఱసి (న) – పండెను (భ) – గాదెలు (భ) – నిండ నేఁ (ర) – డిటన్ (వ)
యతి: బై, పం

ఇంకొకరు, చంపకమాల కూడా దీని లాంటిదే అంటారు కదా, ఇదే పద్యాన్ని చంపకమాలగా మార్చరాదా అని అడిగారు. ఉత్పలమాలలో మొదటి గురువును తీసి దాని చోట రెండు లఘువులు పెడితే చంపకమాల నడక వస్తుంది, అక్షరాలు ఇరవై ఒకటి, యతిస్థానం పదకొండు అవుతాయి. గణాల పేర్లన్నీ మారి న, జ, భ, జ, జ, జ, ర అయినా, నడక మాత్రం ఆ ఒక్కచోట తప్ప అదే. "నీరిడు" తీసి "జలమిడు" అని వేసి చూశాము. "జలమిడు తల్లియై చెఱువు నిండిన నాఁ డది యూరివారికై" నడక నిక్షేపంలా ఉంది. కాని జకారానికి 'నిం'తో యతి లేదు, రెండవ అక్షరం లకారమై ప్రాస పోయింది. నాలుగు పాదాలకూ మొదటి మాట మారాలి, వాటి వెంట యతి కోసం నడిమి మాటలూ మారాలి. అంటే వేరే పద్యమే రాయాలి. తెలుగు నేలకు వృత్తాలు సంస్కృతం నుంచి వచ్చినవే. యతిని అక్షరమైత్రిగా మలచుకొని, ప్రాసను విడవరానిదిగా పాటించడం తెలుగు పద్ధతి. 848 నాటి పండరంగని అద్దంకి శాసనంలో ఉన్న పద్యం తరువోజ, దేశి ఛందస్సు. నేను ఎం.ఏ.లో దాన్ని తేదీ కోసం, దానం కోసం చదివానే గాని, దాన్ని చెక్కించినవారు అక్షరం అక్షరం ఎలా కుదుర్చుకున్నారో ఆలోచించలేదు.

"నొక", "మాత్రమె" అన్న రెండు మాటలను పాదపూరణాలని ఎవరైనా అంటారేమోనని నేనే ముందుగా ఒప్పేసుకున్నాను. "మాత్రమె" ఉండనివ్వండి, దానికి పని ఉంది, "ఒక" మాత్రం మీకు మూడు లఘువులు కావలసి వచ్చి పెట్టింది, అన్నారు మాస్టారు. నిజమే. నగణం నింపడానికి దానికంటె మంచి మాట ఇంతవరకు దొరకలేదు.

చివరగా ఆయన పద్యాన్ని గణాలు లేకుండా ఒకసారి మొత్తం చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఆ కాగితం ఎవరు రాశారండీ?" అని అడిగారు. దిక్కు మార్చిన సంగతి వరకే వాళ్లకు చెప్పాను గాని నివేదిక సంగతి చెప్పలేదు.

"నేనేనండీ" అన్నాను. కట్ట మీద సగం దూరం నడిచిన మాటా చెప్పాను.

గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. స్టెనోగ్రాఫరు అమ్మాయి తన ప్రతిలో నాలుగవ పాదం వైపే చూస్తూ, "అయితే సార్, ఇక్కడ 'పేరుగ' అన్నది చెరువు పేరా, మీ పేరా?" అంది. మాస్టారు నవ్వలేదు. ఆ చెరువు ఇప్పుడు ఎలా ఉందో తెలుసా అని నన్ను అడిగారు. తెలియదన్నాను. సంక్రాంతికి సెలవు పెట్టి అటు వెళ్లడానికి టికెట్టు తీసుకున్నానని, ఈసారి దక్షిణపు కొస దాకా నడుస్తానని చెప్పాను.

"వెళ్లి చూసి రండి. మూడు పాదాలు ఉంటాయి, నాలుగోది మారవచ్చు. రకార ప్రాస మరవకండి" అని, ఆయన బోర్డు తుడిచి, వచ్చే వారానికి పాఠం చంపకమాల అని రాశారు.